ఒక్కసారి తెరిచిన ఫొటో మళ్లీ దొరుకుతుందా?

వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది. బొమ్మ కనిపించదు. చిన్న వలయంలో ఒకటి అంకె, పక్కన `Photo` అన్న మాట మాత్రమే ఉంటాయి. వేలితో తాకితే తెరుచుకుంటుంది. వెనక్కి వచ్చేసరికి ఆ చోట `Opened` అని మిగులుతుంది, ఇక ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోదు. ఆ తర్వాత ఇద్దరికి రెండు సందేహాలు పట్టుకుంటాయి. అందుకున్నవాళ్లు "సరిగా చూసుకోనేలేదు, మళ్లీ ఎలా తెప్పించుకోవాలి?" అనుకుంటారు. పంపినవాళ్లు "అవతల ఎక్కడా దాచుకోలేదు కదా?" అని మథనపడతారు.

మొదటి ప్రశ్నకు జవాబు, దాదాపు ఎప్పుడూ, రాదు అనే. రెండో ప్రశ్నకు జవాబు, దాచుకుని ఉండవచ్చు అని. ఒకరికి రాని ఫొటో ఇంకొకరి దగ్గర ఎలా ఉంటుందని అనిపిస్తుంది. చెరిగిపోయాక వెనక్కి తేవడం వేరు, తెరపై ఉండగానే పట్టుకోవడం వేరు. మొదటిది ఇప్పటి ఫోన్లలో దాదాపు అసాధ్యం, రెండోది చాలా సులువు. ఈ తేడా తెలియకనే కొందరు రికవరీ యాప్‌లకు డబ్బు పోగొట్టుకుంటున్నారు, కొందరు పంపకూడనివి పంపుతున్నారు.

వాట్సాప్ ఈ సదుపాయాన్ని 2021 ఆగస్టులో తెచ్చింది. ముందు ఫొటోలకు, వీడియోలకు, 2023 డిసెంబరు నుంచి వాయిస్ మెసేజ్‌లకు కూడా. లోపల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. వరంగల్‌లో ఉన్న అన్న, విశాఖపట్నంలో చదువుకుంటున్న చెల్లెలికి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో పంపాలనుకున్నాడు. ఫొటో ఎంచుకుని, కింద రాసే గడి పక్కనున్న ఒకటి గుర్తు నొక్కి పంపాడు. ఆ క్షణంలో అన్న ఫోను అప్పటికప్పుడు ఒక రహస్య తాళంచెవిని తయారుచేస్తుంది. దాంతో ఫొటోను ఎవరికీ అర్థంకాని గజిబిజి డేటాగా మార్చి వాట్సాప్ సర్వర్‌కు ఎక్కిస్తుంది. చెల్లెలికి మాత్రం విడిగా ఒక చిన్న మెసేజ్ వెళ్తుంది. సర్వర్‌లో ఆ డేటా ఎక్కడుందో చెప్పే చిరునామా, దాన్ని విప్పే తాళంచెవి, ఇది ఒక్కసారి చూపించాల్సినదన్న సూచన ఆ మెసేజ్‌లో ఉంటాయి.

చెల్లెలి ఫోను సర్వర్ నుంచి డేటా దించుకుని, చెవితో విప్పి, తెరపై చూపిస్తుంది. గ్యాలరీలో వేయదు, ఫార్వర్డ్ చేయనివ్వదు. ఆమె బయటికి రాగానే తన దగ్గరి ఫైలును చెరిపేసి, ఆ మెసేజ్ మళ్లీ తెరుచుకోకుండా చేస్తుంది. సర్వర్‌లోని గజిబిజి డేటా మరికొన్ని వారాలు అక్కడే ఉండవచ్చు కానీ, చెవి లేనివాళ్లకు అది దేనికీ పనికిరాదు. వాట్సాప్ కంపెనీ కూడా దాన్ని విప్పి చూడలేదు.

ఈ క్రమంలో గమనించాల్సిన చోటు ఒకటుంది. ఒక్కసారి చూపించి చెరిపేయడం అన్న పనిని చేసేది అన్న ఫోను కాదు, సర్వరూ కాదు. చెల్లెలి ఫోన్లో ఉన్న యాప్ చేస్తుంది. ఉత్తరం చివర "చదివి చించెయ్యి" అని రాసి పంపినట్టే ఇది. చించాల్సింది అందుకున్నవాళ్లే. మామూలు యాప్ ఆ మాటను నమ్మకంగా పాటిస్తుంది కాబట్టే కోట్లమంది ఫోన్లలో ఫొటో నిజంగానే పోతోంది.

అలా పోయినదాన్ని ఎందుకు తేలేమో ముందు చెప్పుకుందాం. ఫోన్లో చెరిపేసిన ఫొటోలు రికవర్ అవుతాయన్న నమ్మకం కెమెరా మెమరీ కార్డుల కాలం నుంచి వచ్చింది. అప్పట్లో ఫొటో చెరిపితే కార్డు దాని పేరును జాబితాలోంచి కొట్టేసేది తప్ప, డేటా అక్కడే పడి ఉండేది. దానిమీద మరొకటి రాసేలోపు సాఫ్ట్‌వేర్‌తో వెతికి తీయగలిగేవారు. ఇప్పటి ఆండ్రాయిడ్, ఐఫోన్లలో లోపలి స్టోరేజీ మొత్తం సంకేతలిపిలో ఉంటుంది. ఫైలు చెరిగితే దాన్ని విప్పడానికి అవసరమైన వివరాలూ దాంతోపాటే పోతాయి. ఒకవేళ ఏ మూలనో ముక్కలు మిగిలినా, అవి అర్థంలేని అంకెలే. దీనికితోడు, ఒక యాప్ తన సొంత స్థలంలో దాచుకున్నది మరో యాప్ చూడకుండా ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ అడ్డుగోడ కట్టాయి. ప్లే స్టోర్‌లోంచి వేసుకున్న యాప్ ఏదైనా సరే, మామూలు ఫోన్లో వాట్సాప్ లోపలి గదిలోకి అడుగుపెట్టలేదు.

మరి "వ్యూ వన్స్ ఫొటోలు రికవర్ చేస్తాం" అనే యాప్‌లు ఏం చేస్తాయి? కొన్ని నోటిఫికేషన్లను చదివి దాచుకుంటాయి. ఎవరైనా డిలీట్ చేసిన మామూలు టెక్స్ట్ మెసేజ్ వాటిలో దొరకవచ్చు. వ్యూ వన్స్ విషయంలో నోటిఫికేషన్‌లో బొమ్మే రాదు, "ఫొటో వచ్చింది" అన్న మాటే వస్తుంది. కాబట్టి అక్కడ దొరికేదీ అదే. మరికొన్ని యాప్‌లు ఫోన్లోని ఫైళ్లన్నీ చూసే అనుమతి అడిగి, మన గ్యాలరీలో ఉన్న పాత బొమ్మలనే "రికవర్ అయినవి" అని చూపిస్తాయి. లింకులో పంపే ఏపీకే ఫైళ్లు అన్నిటికంటే ప్రమాదం. అవి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకున్నాయంటే బ్యాంకు ఓటీపీలు అవతలివాళ్ల చేతికి పోయినట్టే. ఒక ఫొటో కోసం ఖాతా ఖాళీ చేసుకోవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి యాప్ కోసం వెతికేవాళ్లు ఎక్కువగా కంగారులో ఉంటారు. కంగారులో ఉన్నవాళ్లనే ఈ మోసగాళ్లు ఎంచుకుంటారు.

"దాదాపు" అన్నాను కదా, ఆ చిన్న మినహాయింపు బ్యాకప్. వాట్సాప్ చెప్పే నియమం ప్రకారం, బ్యాకప్ తీసే సమయానికి తెరవకుండా ఉన్న వ్యూ వన్స్ ఫొటో ఆ బ్యాకప్‌లో చేరుతుంది. తెరిచేసినది చేరదు. మన ఉదాహరణలో, ఆ ఫొటో సాయంత్రం వచ్చింది. చెల్లెలు చూడకుండా పడుకుంది. అర్ధరాత్రి దాటాక ఆమె ఫోను మామూలుగానే బ్యాకప్ తీసుకుంది. పొద్దున ఆమె ఫొటో తెరిచి మూసేసింది. ఫోన్లో ఫొటో పోయింది, రాత్రి బ్యాకప్‌లో మాత్రం తెరవని కాపీ ఒకటి ఉండిపోయింది. ఇది చెరిగినదాన్ని తవ్వితీయడం కాదు, చెరిగే ముందే పక్కన పడ్డ మరో కాపీ. మర్నాటి బ్యాకప్ పాతదాని స్థానంలోకి వచ్చేసరికి అదీ పోతుంది. అందుకున్న ఫొటోను 14 రోజులలోపు తెరవకపోతే గడువు తీరిపోతుంది, అప్పుడు పంపినవాళ్లను మళ్లీ పంపమని అడగడమే దారి.

ఇక తెరపై ఉండగానే పట్టుకోవడం. మొదటి ఏడాది స్క్రీన్‌షాట్‌కు అడ్డే లేదు. 2022లో వాట్సాప్ దాన్ని ఆపింది. ఆండ్రాయిడ్‌లో ఇందుకు `FLAG_SECURE` అనే ఏర్పాటు ఉంది. ఒక యాప్ తన తెరకు ఆ గుర్తు పెడితే ఫోను స్క్రీన్‌షాట్ తీయనివ్వదు, స్క్రీన్ రికార్డింగ్‌లో ఆ భాగం నల్లగా వస్తుంది. చాలా బ్యాంకు యాప్‌లలో స్క్రీన్‌షాట్ రాకపోవడానికి కారణం ఇదే. అయితే ఈ అడ్డు పనిచేసేది ఆ ఫోను లోపలే. పక్కన ఇంకో ఫోను పెట్టి తెరను ఫొటో తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు, పంపినవాళ్లకు తెలిసే మార్గమూ లేదు. వాట్సాప్ తన సహాయ పేజీలోనే ఈ మాట ఒప్పుకుని, నమ్మకస్తులకే పంపమని చెబుతుంది. ఇంట్లో రెండు ఫోన్లుంటే చాలు. దీనికి హ్యాకింగ్ చదువు అక్కర్లేదు.

కొంచెం తెలిసినవాళ్లు ఇంకో దారి పడతారు. జీబీ వాట్సాప్ లాంటి మార్చిన యాప్‌లు, రూట్ చేసిన ఫోన్లు ఉన్నాయి. చించెయ్యమన్న మాటను పాటించాల్సింది యాపే కాబట్టి, ఆ యాప్‌నే మార్చేస్తే మాట వినదు. ఇలాంటి యాప్ వాడేవాళ్లకు వ్యూ వన్స్ ఫొటో మామూలు ఫొటోలాగే మిగలవచ్చు. వాళ్ల ఖాతాను వాట్సాప్ నిషేధించవచ్చు. తయారీదారులెవరో తెలియని ఆ యాప్ వాళ్ల చాట్‌లు ఎక్కడికి పంపుతోందో వాళ్లకే తెలియకపోవచ్చు. కానీ ఆలోపు పంపినవాళ్ల ఫొటో పోవాల్సినచోటికి పోయి ఉంటుంది.

ఇది ఊహ కాదని 2024 సెప్టెంబరులో బయటపడ్డ ఒక లోపం చూపించింది. జెన్‌గో అనే క్రిప్టో వాలెట్ సంస్థ పరిశోధకులు వాట్సాప్ వ్యూ వన్స్ మెసేజ్‌ను విప్పి పరిశీలించారు. మామూలు ఫొటో మెసేజ్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఈ ఒక్క గుర్తేనని తేలింది.

```
viewOnce: true
```

ఇది ఉంటే యాప్ ఒక్కసారే చూపిస్తుంది. కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే "ఫోన్లో చూడండి" అని చెప్పి బొమ్మను దాస్తుంది. ఇక్కడే చిక్కు వచ్చింది. చూపించను అని చెబుతున్న ఆ వెబ్‌కు కూడా ఫొటో చిరునామా, తాళంచెవి రెండూ అందుతున్నాయి. అంటే బొమ్మ రావడం మానలేదు, యాప్ చూపించడం మానింది అంతే. బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాంను మార్చడం ఫోను యాప్‌ను మార్చడం కంటే చాలా తేలిక. `true` ఉన్నచోట `false` అని మారిస్తే అది మామూలు ఫొటో అయిపోయేది, దించుకోవచ్చు, ఫార్వర్డ్ చేయవచ్చు. ఇంకో సంగతి, ఒకసారి తెరిచాక కూడా సర్వర్ ఆ డేటాను వెంటనే తీసేయడం లేదు. పరిశోధకులు చూసేసరికే ఇదే పని ఒక్క నొక్కుతో చేసిపెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు జనంలో తిరుగుతున్నాయి. అందుకే వాళ్లు విషయాన్ని బయటపెట్టారు.

వాట్సాప్ కొద్దిరోజుల్లోనే ఒక సవరణ చేసింది. వారం తిరక్కుండానే దాన్నీ దాటవచ్చని ఆ పరిశోధకులే చూపించారు. అదే ఏడాది చివరికి గట్టి సవరణ వచ్చింది. 2025 మొదట్లో ఐఫోన్ యాప్‌లో మరో లోపం తేలింది. తెరిచేసిన ఫొటోలు స్టోరేజీ నిర్వహణ పేజీలోంచి మళ్లీ కనిపించాయి. చెరిపేయాల్సిన ఫైలును యాప్ చెరపకుండా వదిలేసిందన్నమాట. దాన్ని కూడా సరిచేశారు. ఈ రెండు లోపాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు సందర్భాల్లోనూ రహస్య లిపిని ఎవరూ ఛేదించలేదు. ఒకచోట మాట వినని యాప్, మరోచోట మాట మరిచిన యాప్.

ఇది వాట్సాప్ ఒక్కదాని కథ కాదు. చూడగానే మాయమయ్యే ఫొటోలను ప్రపంచానికి అలవాటు చేసిన స్నాప్‌చాట్ కూడా ఇదే చోట తట్టుకుంది. పంపినవి శాశ్వతంగా మాయమవుతాయని ఆ కంపెనీ ప్రచారం చేసుకునేది. బయటి యాప్‌లతో లాగిన్ అయితే ఫొటోలు నిక్షేపంగా దాచుకోవచ్చని, వీడియోలు ఫోన్లో అందరికీ అందే చోట పడి ఉంటున్నాయని, ఫోన్ని కంప్యూటర్‌కు కలిపితే వాటిని తీసుకోవచ్చని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2014లో కంపెనీ రాజీకి వచ్చి, 20 ఏళ్లపాటు బయటి నిపుణుల పర్యవేక్షణకు ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో, స్నాప్‌లు దాచిపెట్టే ఒక బయటి సైటు నుంచి వేలకొద్దీ ఫొటోలు ఇంటర్నెట్‌లోకి ఒలికిపోయాయి. వాటిని పంపినవాళ్లలో చాలామంది, అవి ఎప్పుడో మాయమయ్యాయనే నమ్మి ఉంటారు.

పంపినవాళ్లు `Opened` అన్న మాటను చూసి ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాట చెప్పేది అవతలివాళ్లు తెరిచారని మాత్రమే. అవతలివాళ్లు రీడ్ రిసీట్లు ఆపేసి ఉంటే అదీ కనిపించదు. ఎవరైనా స్క్రీన్‌షాట్ ప్రయత్నం చేసినా వాట్సాప్ పంపినవాళ్లకు కబురు చెప్పదు. కాబట్టి పాస్‌బుక్, ఆధార్, వైఫై పాస్‌వర్డ్ లాంటివి అన్నాచెల్లెళ్ల మధ్య పంపుకోవడానికి ఇది మంచి సదుపాయమే. ఫోను పోయినా, ఎవరైనా గ్యాలరీ తిరగేసినా అవి బయటపడవు. నమ్మకం ఉన్నచోట వచ్చే పొరపాట్లను ఇది తగ్గిస్తుంది. నమ్మకం లేనిచోట దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ సదుపాయాన్ని తిరగేసి వాడేవాళ్లున్నారు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది అదే. బెదిరించేవాళ్లు, అసభ్య ఫొటోలు పంపేవాళ్లు కావాలనే వ్యూ వన్స్‌లో పంపుతారు. బాధితురాలు తెరిచి, భయపడి మూసేస్తే సాక్ష్యం అక్కడితో పోతుంది, స్క్రీన్‌షాటూ రాదు. అలాంటి మెసేజ్ వచ్చిందన్న అనుమానం ఉంటే వెంటనే తెరవొద్దు. తెరవకపోతే 14 రోజులకు దాని గడువు తీరిపోతుంది. ఆలోపు ఇంట్లో ఒకరిని తోడు పెట్టుకుని పోలీసుల దగ్గరకు వెళ్తే వాళ్ల ముందే తెరవవచ్చు. అంతవరకు ఆగలేకపోతే, తెరిచేటప్పుడు రెండో ఫోనుతో వీడియో తీయాలి. పంపిన నంబరు, సమయం, తెరుచుకున్న బొమ్మ అన్నీ ఆగకుండా ఒకే వీడియోలో పడేలా చూసుకోవాలి. ఆ వీడియోను కత్తిరించకుండా, వాట్సాప్‌లో ఎవరికీ పంపకుండా, తీసిన ఫోన్లోనే ఉంచాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అది ఎలాగో పోలీసులు చెబుతారు. పంపినవాళ్లను బ్లాక్ చేసే తొందరలో చాట్ మొత్తం చెరిపేయకూడదు. `Opened` అని మిగిలిన ఆ వరుస కూడా, ఆ రోజు ఆ సమయానికి ఆ నంబరు నుంచి ఏదో వచ్చిందని చెప్పే ఆధారమే.

తెరిచాక వాట్సాప్‌కు రిపోర్ట్ చేసే వీలు కూడా ఉంది. వ్యూ వన్స్ అయినా సరే, రిపోర్ట్ చేస్తే ఆ ఫొటో కంపెనీకి చేరుతుంది. మూసేయకముందే ఆ పని చేయడం మంచిది.

ఇక పంపిన ఫొటోను అవతలివాళ్లు దాచుకుని బెదిరిస్తుంటే, "నువ్వే పంపావు కదా" అన్న మాటకు భయపడాల్సిన పనిలేదు. స్త్రీల ఏకాంత దృశ్యాల విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ సూటిగా చెబుతుంది. ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫిర్యాదు `cybercrime.gov.in` లో ఇవ్వవచ్చు, ఆడవాళ్లు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు అక్కడ విడిగా విభాగం ఉంది. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. డబ్బు ఇస్తే ఆగుతారనుకుని ఇచ్చినవాళ్లను మళ్లీ మళ్లీ అడుగుతారు, అందుకే మొదటి రూపాయి కూడా ఇవ్వకూడదు.

ఈ పరిస్థితిలో పనికొచ్చే ఇంకో ఏర్పాటు `stopncii.org`. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల అంతరంగిక ఫొటోలు సోషల్ మీడియాలోకి ఎక్కకుండా ఆపడానికి 2021లో మొదలైంది. అక్కడ ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోను ఆ ఫొటో నుంచి వేలిముద్ర లాంటి ఒక అంకెల వరుసను తయారుచేసి, దాన్ని మాత్రమే పంపుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చేరిన వేదికలు ఆ అంకెలతో సరిపోలే ఫొటో ఎక్కించబోతే గుర్తుపడతాయి. ఆ అంకెలు తయారుకావాలంటే అసలు ఫొటో మన దగ్గర ఉండాలి. వ్యూ వన్స్‌లో పంపినది పంపినవాళ్లకు కూడా మళ్లీ తెరుచుకోదు. గ్యాలరీలోంచి ఎంచి పంపి ఉంటే అసలుది అక్కడే ఉంటుంది. అవమానంతో, కోపంతో ముందు దాన్ని చెరిపేయాలనిపిస్తుంది. చెరిపేయకండి. ఫిర్యాదు పూర్తయ్యేదాకా దాన్ని పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్‌లో దాచి ఉంచండి.